సకినాలా, జొన్న రొట్టెలా: పది వేలతో ఏది మొదలుపెట్టాలి?

హన్మకొండలో మా వాడకట్టు చెల్లెలు ఒకామె పది వేలు దాచుకుంది. "అక్కా, సకినాలు చేసి అమ్మాల్నా, జొన్న రొట్టెలా?" అని అడిగింది. ఇంట్లో ఉన్నవి రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, ఒక మూకుడు, ఒక పెనం. ఇద్దరం కూర్చొని లెక్క వేశాం.

ఐదు కిలోల బియ్యంతో సకినాలు చేస్తే నువ్వులు, వాము, నూనె, గ్యాస్, కవర్లు అన్నీ కలిపి వెయ్యి దాకా ఖర్చు. ఆరు కిలోలు చేతికొస్తాయి. కిలో 350 చొప్పున అమ్మితే 2,100. చుట్టడానికి తోడు వచ్చినామెకు 400 ఇస్తే మిగిలేది 700. ఒక్క రోజుకు మంచి డబ్బే. కానీ బియ్యం రాత్రి నానబెట్టి గిర్నిలో పట్టించిన తడిపిండి ఆ రోజే అయిపోవాలి, లేకుంటే పులుస్తుంది. గుడ్డ మీద చుట్టినవి సరిగ్గా ఆరకముందే వేస్తే నూనెలో విరిగిపోతాయి. అన్నిటికంటే పెద్ద టెన్షన్, అమ్ముడుపోనివి. కొన్ని వారాలకు పాత నూనె వాసన మొదలవుతుంది. సంక్రాంతికి, ఆడపిల్ల సారెకు అడిగినంతగా మిగతా నెలల్లో ఎవరూ అడగరు.

రొట్టె లెక్క చిన్నది. కిలో పిండికి పన్నెండు వస్తాయి. రోజుకు 30 రొట్టెలు, ఒక్కోటి 15 చొప్పున 450. పిండి, గ్యాస్, కాగితాలకు 200 పోయినా 250 మిగులుతుంది. పని రెండు గంటలు. షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో రాత్రికి రొట్టె రోజూ కావాలి. ఫోన్‌లో చెప్పినన్నే చేస్తాం కాబట్టి మిగిలిపోయేది లేదు, ఈ రోజు డబ్బుతోనే రేపటి పిండి వస్తుంది.

ఇందులోనూ చెడేది ఒకటుంది, అది పిండి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. మరిగిన నీళ్లు పోసి, అరచేత్తో బాగా మెదిపితేనే కలుస్తుంది. నిల్వ పిండైతే తట్టేటప్పుడు అంచులు పగులుతాయి, రొట్టె చేదెక్కుతుంది. అందుకే వారానికి సరిపడానే పట్టించాలి. ఇంకోటి, వేడి రొట్టెను ప్లాస్టిక్ కవర్‌లో పెడితే చెమర్చి మెత్తబడుతుంది. గుడ్డలో చుట్టి, ఆవిరి పోయాక కాగితంలో ఇవ్వాలి.

నా మాట రొట్టెలకే. ఒక్క పూటలో సకినాలంత మిగలకపోవచ్చు, కానీ పది వేలూ చేతిలో తిరుగుతూనే ఉంటాయి. ఆమెను మూడు కిలోల జొన్నలతో, తెలిసిన పది ఇళ్లతో మొదలుపెట్టమన్నాను. ఆహార భద్రత సంస్థ సైట్ foscos.fssai.gov.in లో చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ కూడా ముందే చేయించుకోమన్నాను. సకినాలు దసరా దాటాక, సగం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకే.