ఆఫర్ బ్యాడ్జీ కింద దాగిన కొక్కెం: జింప్ హీల్ సెలెక్షన్‌ను చాలాకాలం వాడాక

తగ్గింపు ధరల గడువు ముగిసిపోతుంది గానీ, వస్తువు ఫొటో మీద అతికించిన ఎర్రటి నక్షత్రాకారపు బ్యాడ్జీ మాత్రం అలాగే ఉండిపోతుంది. బ్యాడ్జీని వేరే లేయరుగా దాచుకున్నవారికి ఏ ఇబ్బందీ లేదు. ఫొటోలో కలిపేసి జేపెగ్‌గా భద్రపరచి, అసలు ఫైలును పోగొట్టుకున్న అమ్మకందారులే నా దగ్గరికి వస్తారు. వారి సొంత ఫొటోలను వారి కోరిక మేరకు బాగుచేయడానికి నేను చాలాకాలంగా ఫొటోలు సవరించే ఉచిత ప్రోగ్రాము జింప్‌లో రీసింథసైజర్ అనే ప్లగిన్‌ను, ముఖ్యంగా అందులోని Filters > Enhance > Heal selection అనే ఒక్క ఆదేశాన్ని వాడుతున్నాను. ఈ ఆదేశం మీద నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. అయితే దాన్ని ఎక్కడి వరకు నమ్మాలన్న విషయంలో నా అభిప్రాయం బాగా మారింది.

బ్యాడ్జీ చుట్టూ ఎంపిక గీసి ఆదేశం ఇస్తే, ప్లగిన్ ఆ ఎంపికకు వెలుపల ఉన్న ఒక పట్టీలోంచి చిన్నచిన్న నమూనాలు తీసుకుని లోపలి ఖాళీని నింపుతుంది. ఆ పట్టీ వెడల్పును Context sampling width అనే అంకె నిర్ణయిస్తుంది. మనం మార్చకపోతే అది 50 పిక్సెళ్లు ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చినది దాని కిందనే ఉండే Sample from అనే ఎంపిక. నమూనాలను చుట్టూ అన్ని వైపుల నుంచీ తీసుకోవాలా, పక్కల నుంచి మాత్రమే తీసుకోవాలా, పైనుంచీ కిందినుంచీ తీసుకోవాలా అన్నది అక్కడ మనమే చెప్పవచ్చు. అడ్డచారల బట్ట మీద బ్యాడ్జీ పడితే పక్కల నుంచి, నిలువు చారల మీద పడితే పైనా కిందా నుంచి తీసుకోమంటే, చారలు చాలాసార్లు తెగకుండా ఒకదానికొకటి అందుకుంటాయి. క్లోన్ పనిముట్టుతో అదే పనిని ఓపికగా, కుంచె వేటు వేటుకూ చూసుకుంటూ చేయవలసి ఉంటుంది.

తెల్లటి నేపథ్యం మీద కూడా ఇది ఒక్క నొక్కుతో పని ముగిస్తుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఆ మాటకు ఇప్పుడు ఒక షరతు చేర్చాలి. జేపెగ్ ఫైళ్లలో వెలుతురు వివరాలను అన్ని పిక్సెళ్లకూ ఉంచినా, రంగు వివరాలను సాధారణంగా అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించి దాస్తారు. ఆ వివరాలను 8 × 8 గడులుగా విడగొట్టి కుదిస్తారు కాబట్టి, ఒక్కో రంగు గడి ఫొటోలో 16 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉన్న చదరాన్ని కప్పుతుంది. ఎర్రటి బ్యాడ్జీ అంచు అలాంటి గడి మధ్యలో పడితే, అంచుకు బయట శుభ్రంగా కనిపించే తెలుపులోకి కూడా కొంత గులాబీ ఛాయ దిగుతుంది. కంటికి అది కనిపించదు గానీ, ప్లగిన్ నమూనాలు ఏరుకునేది సరిగ్గా ఆ పట్టీలోంచే. దాంతో బ్యాడ్జీ పోయిన చోట లేత ఎరుపు మచ్చలు మిగులుతాయి. ఫొటో నకలు మీద Colors > Saturation ను బాగా పెంచి చూస్తే ఆ ఛాయ ఎంత దూరం పాకిందో స్పష్టంగా తెలుస్తుంది. బ్యాడ్జీకి నీడ కూడా పెట్టి ఉంటే అది మరికాస్త ముందుకు వెళుతుంది. అందుకే Select > Grow తో ఎంపికను ఆ హద్దు దాటేదాకా పెంచిన తర్వాతే ఆదేశం ఇస్తాను.

నా అభిప్రాయాన్ని నిజంగా మార్చింది మాత్రం ఒక భుజం సంచి ఫొటో. నిడివి, వెడల్పు వెయ్యేసి పిక్సెళ్లు ఉన్న ఆ చతురస్రపు ఫొటోలో, కుడి పై మూలకు దగ్గరగా సుమారు 240 పిక్సెళ్ల వెడల్పున్న బ్యాడ్జీ ఉంది. దానిలో సగం తెల్లటి నేపథ్యం మీద, మిగతా సగం సంచి మూత మీదా, భుజానికి వేసుకునే పట్టీ సంచితో కలిసే చోట మీదా పడింది. మొత్తాన్ని ఒకేసారి ఎంపిక చేసి నింపమంటే సంచి రంగు నేపథ్యంలోకి, తెలుపు సంచిలోకి పోతాయి. ఎందుకంటే ఆ చుట్టుపట్టీలో రెండూ ఉంటాయి. అందుకని మొదట పాత్ పనిముట్టుతో, కనిపిస్తున్న అంచుల వంపును పొడిగిస్తూ బ్యాడ్జీ కింద సంచి అంచు ఎలా సాగాలో గీశాను. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న భాగాలను వేరువేరుగా తీసుకున్నాను. మూత భాగాన్ని కాపీ చేసి Paste as New Image తో విడి చిత్రంగా తెరిచి అక్కడే నింపాను. ఆ విడి చిత్రంలో తెలుపే లేదు కాబట్టి అది లోపలికి వచ్చే వీలు కూడా లేదు. తర్వాత దాన్ని తిరిగి అసలు చోట అతికించాను.

మూత చక్కగా వచ్చింది. దారపు నేత, కుట్టు వరస, చివర్న పడే పలచని నీడ, అన్నీ కుదిరాయి. చిక్కు వచ్చింది భుజం పట్టీ దగ్గర. ప్లగిన్ దాన్ని కొంతదూరం తెచ్చి, అక్కడి నుంచి మెల్లగా సంచి బట్టలో కలిపేసింది. అతుకు కనిపించదు, మచ్చ లేదు, రంగు తేడా లేదు. అయినా పట్టీ దేనికీ తగిలించకుండానే సంచిని మోస్తున్నట్టుంది. ఈ ఆదేశం పరిమితి ఇక్కడే బయటపడుతుంది. అది ఫొటోలో మరోచోట ఉన్నదాన్నే తిరిగి పేర్చగలదు. బ్యాడ్జీ కింద మాత్రమే ఉన్న వస్తువు గురించి దానికి ఏమీ తెలియదు. నేపథ్యం విషయంలో ఇది పెద్ద లోపం కాదు. కొనేవాడు చూసి డబ్బు చెల్లించే భాగం విషయంలో మాత్రం ఇది తప్పుడు వివరం అవుతుంది. నునుపుగా రావడం వల్ల ఆ తప్పును పట్టుకోవడం మరింత కష్టం.

ఇలాంటప్పుడు వెంటనే తట్టే ఉపాయం ఎదుటి పక్కను తిప్పి అతికించడం. ఎడమవైపు పట్టీ చివర ఇత్తడి రంగు కడియం స్పష్టంగా ఉంది. దాన్ని కాపీ చేసి Flip Horizontally చేస్తే కుడివైపుకు ఆకారం సరిపోతుంది. కానీ వెలుతురు ఎడమ నుంచి వస్తోంది కనుక తిప్పిన కడియం మీద మెరుపు వ్యతిరేక దిశలో పడుతుంది. దాన్ని సరిచేయవచ్చు గాక, సంచులూ చొక్కాలూ రెండు వైపులా ఒకేలా ఉంటాయన్న నమ్మకమే గట్టిది కాదు. జేబు ఒకవైపే ఉంటుంది, బొత్తాల పట్టీ ఒకవైపుకే మడత పడుతుంది. అందుకే కడియం అతికించే ముందు ఆధారం కోసం వెతికాను.

ఆ ఆధారం అదే ఫైలులో దొరికింది. కెమెరాలు తీసిన జేపెగ్ ఫైళ్లలో కెమెరా, తేదీ వంటి వివరాలుండే ఎక్సిఫ్ సమాచారంతో పాటు ఒక బుల్లి నమూనా చిత్రం కూడా ఉంటుంది. చాలా కెమెరాల్లో దాని పరిమాణం 160 × 120 పిక్సెళ్లు. ఫొటోను మార్చి భద్రపరిచినప్పుడు కొన్ని ఎడిటింగ్ ప్రోగ్రాములు ఆ బుల్లి చిత్రాన్ని కొత్తగా తయారుచేస్తాయి, కొన్ని పాతదాన్ని అలాగే వదిలేస్తాయి. ఈ ఫైలులో పాతదే ఉంది. ఎక్సిఫ్‌టూల్‌తో దాన్ని బయటికి తీసే ఆదేశం ఇది:

```
exiftool -b -ThumbnailImage bag.jpg > thumb.jpg
```

బయటికి వచ్చిన చిత్రంలో బ్యాడ్జీ లేదు. చతురస్రంగా కత్తిరించక ముందు తీసిన పూర్తి ఫ్రేము అది. కత్తిరింపు ఎత్తునంతా ఉంచి పక్కలనే తీసేసింది కాబట్టి, 120 పిక్సెళ్ల ఎత్తు ఇప్పటి వెయ్యికి సమానం. అంటే సుమారు 8.33 రెట్లు పెంచితే రెండూ ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. పెంచిన చిత్రాన్ని పై లేయరుగా పెట్టి, సగం పారదర్శకంగా చేసి, సంచి కింది మూలలు కలిసేలా జరిపాను. ఆ కొలతలో బ్యాడ్జీ కింది ప్రాంతమంతా 29 పిక్సెళ్ల వెడల్పే. అయినా ఒక విషయం తేటతెల్లంగా కనబడింది. కుడివైపు ఉన్నది గుండ్రటి కడియం కాదు. ఎనిమిది పిక్సెళ్ల పొడవున నిలువుగా వేలాడే ఇత్తడి రంగు ఆకారం, అంటే అసలు ఫొటోలో దాదాపు 70 పిక్సెళ్ల పొడవున్న కొక్కెం. పట్టీని ఒకవైపు విప్పి తీసేయడానికి వీలుగా చేసిన సంచి అది. ఎడమ కడియాన్ని తిప్పి అతికించి ఉంటే, చూడటానికి మచ్చలేని అబద్ధపు ఫొటో తయారయ్యేది.

అంత చిన్న చిత్రాన్ని పెంచితే కొక్కెం రాదు, మసక మాత్రమే వస్తుంది. దాన్ని ఆధారంగా వాడాలే తప్ప అతికించకూడదు. అదే సంచిని పక్క నుంచి తీసిన మరో ఫొటో అమ్మకందారు దగ్గర ఉంది. కొక్కెం అందులో పూర్తిగా కనబడుతోంది. దాన్ని కత్తిరించి, బుల్లి చిత్రం చూపిన పొడవుకూ వంపుకూ సరిపోయేలా తగ్గించి తిప్పి, రంగును ఎడమ కడియంతో పోల్చి సరిచేశాను. చివరగా, అటు బట్టలో కరిగిపోయిన పట్టీని క్లోన్‌తో కొక్కెం దాకా తెచ్చాను. అమ్మకందారు చేతిలోని అసలు సంచితో పోల్చి చూసి సరేనన్న తర్వాతే ఫైలు ఇచ్చాను.

ఈ బుల్లి చిత్రం ప్రతిసారీ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. చాలా అమ్మకపు వెబ్‌సైట్లు, సందేశాల యాప్‌లు ఫొటోను ఎక్కించేటప్పుడే ఎక్సిఫ్ సమాచారాన్ని తీసేస్తాయి. కాబట్టి సైటు నుంచి దింపుకున్న నకలులో వెతకడం దాదాపు వృథా. అమ్మకందారు కంప్యూటర్‌లో మిగిలిన ఫైలునే అడగాలి. అయినా వెతకడానికి పట్టేది ఒక్క క్షణం కనుక, ఇప్పుడు ఏ ఫొటో వచ్చినా హీల్ సెలెక్షన్ తెరిచే ముందు ఆ ఎక్సిఫ్‌టూల్ ఆదేశాన్నే నడుపుతాను.

సగం పారదర్శకంగా ఉండే బ్యాడ్జీల కథ వేరు. అక్కడ అడుగున ఉన్నది పోలేదు, పైరంగుతో కలిసింది మాత్రమే. బ్యాడ్జీ రంగూ, దాని చిక్కదనమూ తెలిస్తే, చూస్తున్న విలువలోంచి బ్యాడ్జీ వాటాను తీసేసి, మిగిలినదాన్ని ఒకటిలోంచి చిక్కదనం పోగా వచ్చే అంకెతో భాగించి అసలు విలువను రాబట్టవచ్చు. చిక్కదనం 0.5 అయితే ఫలితం బాగుంటుంది. 0.8 అయితే జేపెగ్ లోపాలు కూడా ఐదింతలై గరుకుగా తేలుతాయి. అలాంటి చోట హీల్ సెలెక్షన్ వాడితే ఉన్న నిజాన్ని చెరిపి ఊహను పెట్టినట్టవుతుంది గనుక నేను వాడను.

నాకు వచ్చే ఫొటోలు తక్కువ, ఒక్కోదాని మీద గడపడానికి సమయం ఉంటుంది, సందేహం వస్తే అసలు వస్తువును చూసి చెప్పేవాళ్లు ఉంటారు. ఈ మూడూ ఉన్నవారికి హీల్ సెలెక్షన్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. సాదా నేపథ్యానికీ, నేతకూ, చారలకూ ఇది నా పనిని బాగా తగ్గించింది. వందల ఫొటోలను వరసగా శుభ్రం చేయవలసినవారు మాత్రం బ్యాడ్జీ నేపథ్యం మీదే పడిన వాటిని విడదీసి, వాటికే దీన్ని వాడుకోవడం మంచిది. వస్తువు మీద పడినవాటిని మళ్లీ ఫొటో తీయించడమే వారికి తక్కువ శ్రమ కావచ్చు.