రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో వీపీఎన్: వైర్‌గార్డ్ మేలా, ఓపెన్‌వీపీఎన్ మేలా?

అనంతపురంలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న విద్యార్థులు, కడపలో ఇంటి నుంచే ఆఫీసు పని చేసేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. వీపీఎన్ ఆన్ చేస్తే డేటా ఎంత ఎక్కువ ఖర్చవుతుంది, ఏ ప్రోటోకాల్ పెట్టుకుంటే ఆ ఖర్చు తగ్గుతుంది?

వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కూ పైన మరో పొర తొడుగుతుంది. వైర్‌గార్డ్‌లో ఆ పొర ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి అయిన ఐపీవీ4 మీద 60 బైట్లు, కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 మీద 80 బైట్లు ఉంటుంది. ఐపీవీ6 మీద 1500 బైట్ల నిండు ప్యాకెట్‌లో మనకు మిగిలేది 1420 బైట్లు కనుక, వీడియోలూ డౌన్‌లోడ్లూ ఎక్కువగా వాడేవారికి 1500 ఎంబీ కోటాలో సుమారు 80 ఎంబీ పొరకే పోతుంది. ఓపెన్‌వీపీఎన్‌ను, పోయిన ప్యాకెట్‌ను తానుగా మళ్లీ పంపని యూడీపీ మీద, ఏఈఎస్-జీసీఎం ఎన్‌క్రిప్షన్‌తో నడిపితే ఐపీవీ4లో పొర సుమారు 52 బైట్లే. ఐకేఈవీ2 అనే మరో ప్రోటోకాల్ కూడా ఇంచుమించు ఇదే కోవలోది.

చిన్న ప్యాకెట్ల సంగతి వేరు. వాయిస్ కాల్‌లో 120 బైట్ల ప్యాకెట్‌ను వైర్‌గార్డ్ ముందు 16 గుణిజమైన 128 బైట్లకు నింపుతుంది కనుక, ఐపీవీ6 మీద అది 208 బైట్లవుతుంది. అటూ ఇటూ సెకనుకు 50 చొప్పున ప్యాకెట్లు పోయే కాల్ గంటసేపు సాగితే అదనపు ఖర్చు 30 ఎంబీ దాటుతుంది.

అయినా నా దృష్టిలో తేడా తెచ్చేది ఈ బైట్లు కాదు, వీపీఎన్ సొరంగం యూడీపీ మీద నడుస్తోందా, పోయిన ప్యాకెట్‌ను తానే మళ్లీ పంపే టీసీపీ మీద నడుస్తోందా అన్నదే. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఊళ్లో యూడీపీ మీద ప్యాకెట్ పోతే, సొరంగం లోపల మన ఆప్‌లు వాడే టీసీపీ దాన్ని మళ్లీ పంపుతుంది, అంతటితో సరి. బయట కూడా టీసీపీయే ఉంటే, పోయిన ప్యాకెట్‌ను బయటిది మళ్లీ పంపుతున్నంతసేపూ లోపలి దానికి ఆలస్యం తప్ప ఏమీ కనిపించదు; దాని గడువు తీరి అదే డేటాను ఇంకోసారి పంపుతుంది. డేటా లెక్క మన ఫోన్‌లో కాదు, ఆపరేటర్ గేట్‌వే దగ్గర జరుగుతుంది కనుక ఆ నకళ్లు కూడా కోటాలోంచే తరుగుతాయి. ఎంత పోతుందో ముందుగా చెప్పలేము, ఎందుకంటే అది సిగ్నల్‌ను బట్టి మారుతుంది.

అందుకే నేను వైర్‌గార్డ్ వైపే మొగ్గుతాను. అది యూడీపీ మీద మాత్రమే నడుస్తుంది. ఓపెన్‌వీపీఎన్ ఆప్‌లు కొన్ని ఆటోమేటిక్ అమరికలో ఉన్నప్పుడు, మనకు తెలియకుండానే టీసీపీకి మారవచ్చు. మీది ఓపెన్‌వీపీఎన్ అయితే కాన్ఫిగ్ ఫైలులో `proto tcp` ఉందేమో చూడండి. సర్వర్ ఒప్పుకుంటే `proto udp` ఉన్న ఫైలును వాడండి. ఆఫీసు నెట్‌వర్క్ యూడీపీని అడ్డుకుంటే మాత్రం టీసీపీ తప్పదు.

మీ దగ్గర ఎంత పోతోందో తెలుసుకోవాలంటే, ఆప్‌ల అప్‌డేట్లు ఆపి, ఆపరేటర్ ఆప్‌లో మిగిలిన డేటా రాసుకుని, ఒకే 200 ఎంబీ ఫైలును వీపీఎన్ లేకుండా ఒకసారి, దానితో ఒకసారి డౌన్‌లోడ్ చేయండి. బ్యాలెన్స్ కనిపించడానికి కొంత సమయం పట్టవచ్చు. తేడా 10 నుంచి 15 ఎంబీ లోపు ఉంటే అది పొర ఖర్చే. అంతకు చాలా మించితే ముందుగా టీసీపీనే అనుమానించాలి.

ఆ పొర కూడా భారమనిపిస్తే, వైర్‌గార్డ్ ఆండ్రాయిడ్ ఆప్‌లో వీడియో ఆప్‌లను సొరంగం నుంచి మినహాయించవచ్చు. ఆఫీసు పని మాత్రం లోపలే సాగుతుంది.