ఇత్తడి గుండిగలో పెరుగు, రాగి గిన్నెలో మాగాయ: పదకొండేళ్ల వాడకం తరువాత

పర్లాకిమిడిలో కాపురానికి వచ్చినప్పుడు మా అత్తగారు నాకు అప్పగించిన సామానులో మూడు లీటర్లు పట్టే ఇత్తడి గుండిగ ఒకటి, చిన్న రాగి గిన్నె ఒకటి ఉన్నాయి. రెండింటికీ లోపల కళాయి పూత ఉండేది. గుండిగలో పాలు కాచి, అందులోనే తోడువేసి, మిగిలిన పెరుగును మర్నాటి వరకూ అందులోనే ఉంచడం ఆ ఇంటి అలవాటు. పదకొండేళ్ల తరువాత నా అభిప్రాయం ఇది: పూత నిండుగా ఉన్న గుండిగ పాలు కాచడానికి చాలా మంచి పాత్ర; పెరుగు తోడుకొనేంతసేపు ఉంచడానికి పరవాలేదు; నిలవ ఉంచడానికి మాత్రం పనికిరాదు. పచ్చళ్లకైతే కొత్త కళాయి ఉన్నా వాడకూడదు.

మొదటి నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఒక పెళ్లి సందడిలో మా బంధువు ఒకావిడ ఆ గుండిగను ఖాళీగా స్టవ్ మీద పెట్టి, అది బాగా కాలిన తరువాత నూనె పోసి తాలింపు వేసింది. కళాయి అంటే తగరపు పూతే; తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఖాళీ పాత్ర ఆ వేడిని చాలా త్వరగా అందుకుంటుంది. తెల్లారి చూస్తే అడుగున పూత ఒక పక్కకు జారి, పూసల్లా గడ్డకట్టి ఉంది. దాని పక్కన రూపాయి బిళ్లంత మేర ఇత్తడి బయటపడింది. అంత చిన్న మచ్చకు ఏమవుతుందిలే అని నేను వాడుతూనే వచ్చాను. పైగా మా పనిమనిషి ఇనుప పీచుతో తోమడం వల్ల ఆ మచ్చ కొన్ని నెలల్లో అరచేయంత అయింది.

ఒక మే నెలలో, సగం వాడిన పెరుగు ఒక రాత్రీ ఒక పగలూ అందులోనే ఉండిపోయింది. సాయంత్రం మజ్జిగ చేసి ఇస్తే మా అత్తగారు ఒక్క గుక్క తాగి, "కిలుమెక్కిందమ్మా, పారబొయ్యి" అన్నారు. అప్పటికే ఒక గ్లాసు తాగిన మా అబ్బాయికి అరగంటలో రెండు వాంతులయ్యాయి. అవి దానివల్లేనని నేను నిరూపించలేను గాని, మోతాదు మించిన రాగి కడుపులో పడితే ముందుగా కనిపించేవి వికారం, వాంతులు, కడుపునొప్పే.

ఆ పెరుగు రంగు ఏమీ మారలేదు. ఆకుపచ్చగా కనబడితేనే ప్రమాదమని నేను అనుకొనేదాన్ని, అది పొరపాటు. పెరుగులోని ఆమ్లం ఒక్కటే రాగిని పెద్దగా కరిగించలేదు, దానికి గాలి తోడవ్వాలి. అందువల్ల నిండు పాత్రకన్నా సగం ఖాళీ అయిన పాత్రే ఎక్కువ చెడ్డది. పచ్చటి చిలుము మొదట కనబడేది కూడా అడుగున కాదు, పెరుగు పైమట్టం అంచును తాకే గీత దగ్గర. కరిగిన రాగిని పాల మాంసకృత్తులు పట్టుకొని ఉంచడం వల్ల అది కంటికి కనబడకుండా లోపలే ఉండిపోతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవ ఉంచిన పాలకూ, మన దేశంలో పసిపిల్లలకు వచ్చే ఒక కాలేయ వ్యాధికీ సంబంధం ఉండవచ్చని పుణె వైద్యులు బ్రిటన్ పరిశోధకులతో కలిసి 1983లోనే రాశారు. పులిసిన పెరుగు పాలకన్నా లోహాన్ని ఎంత ఎక్కువ తింటుందో వేరే చెప్పనక్కరలేదు.

రాగి గిన్నె సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక వేసవిలో కొత్త కళాయి వేయించిన ధైర్యంతో మాగాయ ముక్కలను ఉప్పు వేసి అందులో మూడు రోజులు ఊరవేశాను. ఉప్పూ పులుపూ కలిసి తగరాన్నే తినేశాయి. గిన్నె లోపల నల్లటి మరకలు, ఒకటి రెండు చోట్ల ఎర్రటి చుక్కలు తేలాయి. ఆ ముక్కలు పారబోసి, అప్పటి నుంచి పచ్చళ్లన్నీ జాడీలోనే పెడుతున్నాను.

పూత అరిగిందో లేదో తెలుసుకోవడంలోనే చాలామంది పొరబడతారు. కళాయి మెరుపు తగ్గి బూడిదరంగుకు రావడం సహజం, అది అరుగుదల కాదు. బయటపడిన ఇత్తడి మాత్రం గాలికి మసకబారి, ఆ బూడిదరంగులోనే కలిసిపోయి కళ్లను మోసగిస్తుంది. నేను నిమ్మచెక్కతో గుండిగ లోపల రుద్దుతాను: తగరమైతే అలాగే ఉంటుంది, ఇత్తడి అయితే పసుప్పచ్చగా మెరుస్తుంది. వేలిగోరంత మచ్చ కనబడినా పులుపు దాని దరికి రానివ్వను.

కళాయి వేసే అతను గిన్నెను బొగ్గుల మీద కాల్చి, నవసాగరం చల్లి, తగరం కడ్డీ తాకించి దూదితో తుడుస్తాడు. ఆ కడ్డీని ముందే అడిగి తీసుకొని చెవి దగ్గర వంచండి. మంచి తగరం సన్నగా కిరకిరమంటుంది. సీసం కలిసినది చప్పుడు లేకుండా వంగుతుంది, కాగితం మీద గీస్తే బూడిదరంగు గీత పడుతుంది. కిందటిసారి వచ్చిన అతని కడ్డీ చప్పుడు చేయలేదు. గుండిగ ఇంకా అటక మీదే ఉంది, పెరుగు మట్టిచట్టిలో తోడుకుంటోంది.