మెట్రో కార్డా, పేపర్ టోకెనా: చాలాకాలం వాడాక నా లెక్క

ఆఫీసుకి రోజూ మెట్రోలోనే వెళ్లివస్తాను. కార్డు వాడుతున్నాను, చుట్టాలు వచ్చినప్పుడు వాళ్లకి పేపర్ టోకెన్లు తీయిస్తున్నాను. క్యూలో నిలబడక్కర్లేదన్న సుఖం కార్డుకి ఉన్న మాట నిజమే. దాన్ని ఎవరూ కాదనరు. కానీ కార్డులో మన డబ్బు ఎక్కడెక్కడ ఇరుక్కుంటుందో ముందే తెలిసి ఉండాలి.

డిపాజిట్‌తో మొదలుపెడతాను. కార్డు కొన్నప్పుడు కట్టిందంతా ప్రయాణానికి వాడుకోవడానికి రాదు, అందులో కొంత డిపాజిట్ కింద పోతుంది. కార్డు తిరిగిస్తే దాన్ని వెనక్కిచ్చే పద్ధతి కొన్ని మెట్రోల్లో ఉంది. కొన్నిచోట్ల అది కార్డు ఖరీదు, ఇక తిరిగి రాదు. కొనేటప్పుడే ఇది అడిగి తెలుసుకోండి, లెక్క మొత్తం దీని మీదే ఆధారపడుతుంది. డిపాజిట్ 50, ఛార్జీ 40, కార్డుకి పది శాతం తగ్గింపు అనుకుందాం. ఒక్కో ప్రయాణానికి 4 మిగులుతుంది. డిపాజిట్ తిరిగిరాని చోట పదమూడో ప్రయాణంతో గానీ కార్డు గిట్టుబాటు కాదు. తిరిగొచ్చే చోట మొదటి రోజు నుంచే లాభం. డిపాజిట్ తిరిగిరాని చోట, రెండు రోజుల పనికి ఊరొచ్చినవాళ్లకి నేను టోకెనే చెప్పేది అందుకే.

ఆన్‌లైన్ టాపప్ దగ్గర చాలామంది కంగారుపడతారు. బ్యాంకులో డబ్బు కట్ అవుతుంది, గేటు దగ్గర మాత్రం పాత బ్యాలెన్సే కనిపిస్తుంది. ఈ తరహా కార్డుల్లో బ్యాలెన్స్ ఉండేది కార్డు లోపలి చిప్‌లోనే. గేటు సెకను లోపల తలుపు తీయాలి కాబట్టి ప్రతిసారీ సర్వర్‌ని అడగదు, చిప్‌లో ఉన్న అంకెనే నమ్ముతుంది. మనం ఫోన్లో వేసిన డబ్బు సర్వర్‌లో కాచుకుని ఉంటుంది. స్టేషన్లో టాపప్ మెషీన్ మీదో, ఆ సదుపాయం ఉన్న గేటు మీదో కార్డు పెట్టినప్పుడే అది చిప్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి ఇంటి దగ్గర టాపప్ చేసి నేరుగా గేటుకి పరుగెత్తకండి, ముందు మెషీన్ మీద పెట్టి కొత్త అంకె వచ్చిందో లేదో చూసుకోండి. కౌంటర్లో కడితే ఈ బెడద లేదు, అప్పటికప్పుడే కార్డులోకి ఎక్కించి ఇస్తారు. ఎటొచ్చీ క్యూ తప్పదు.

వాపసు దగ్గరే కార్డు అసలు గుణం తెలిసేది. పనిచేస్తున్న కార్డైతే కౌంటర్లో రీడర్ మీద పెట్టి, చిప్‌లో ఎంతుంటే అంత లెక్కేస్తారు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. చిప్‌లోకి ఎక్కని టాపప్ ఆ లెక్కలోకి రాదు, ముందు ఎక్కించుకునే కార్డు ఇవ్వాలి. రెండోది, ఎప్పుడో లోపలికి టచ్ అయి బయటికి టచ్ కాని ప్రయాణం మిగిలిపోయి ఉంటే దాన్ని సరిచేసి, ఛార్జీయో జరిమానాయో పట్టుకున్నాకే మిగతాది ఇస్తారు. బ్యాలెన్స్ మైనస్‌లోకి వెళ్లనిచ్చే చోట అది డిపాజిట్‌లోంచి పోతుంది: 30 ఉండగా 45 ప్రయాణం చేసి దిగితే మైనస్ 15, కాబట్టి 50 డిపాజిట్‌లో చేతికొచ్చేది 35.

చిప్ చచ్చిపోతే కథ వేరు. మా ఆఫీసులో ఒకాయన కార్డుని పర్సులో పెట్టి అదే పర్సు మీద కూర్చునేవాడు. ఒకరోజు ఏ గేటూ దాన్ని చదవలేదు. కౌంటర్లో వెంటనే డబ్బు ఇవ్వలేదు, ఇవ్వడం వాళ్ల చేతిలోనూ లేదు. గేట్లలో నమోదైన ప్రయాణాలన్నీ సర్వర్‌కి చేరి లెక్క తేలాలి, దానికి రోజులు పడుతుంది. ఆయన్ని కాపాడింది కార్డు వెనక ముద్రించిన నంబరు, దాచుకున్న టాపప్ రసీదు. కార్డు కొన్న రోజే ఆ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. పేరు మీద నమోదు చేయించే వీలుంటే తప్పక చేయించండి. నమోదు లేని కార్డు పారేసుకుంటే అందులోని డబ్బు మనదని చూపించే ఆధారమే ఉండదు. నేనైతే ఒక వారానికి సరిపడా కంటే ఎక్కువ ఎప్పుడూ వేయను.

పేపర్ టోకెన్‌లో ఇరుక్కుపోయే డబ్బు లేదు, కొన్న ప్రయాణం అయిపోతే లెక్క అయిపోయినట్టే. దాని లోటు పట్టువిడుపు లేకపోవడం. కొన్న స్టేషన్ దాటి దిగితే తేడా కట్టాలి, ముందే దిగితే మిగిలింది సాధారణంగా వెనక్కి రాదు. కొన్నరోజే వాడాలి, రేపటికి దాచుకోవడం కుదరదు. వేడికి నల్లబడే రకం కాగితం మీద ముద్రిస్తారు కాబట్టి ఎండలో, కారు అద్దం దగ్గర పెట్టకండి. క్యూఆర్ గడి మీదుగా మడతపెడితే గేటు చదవకపోవచ్చు. దిగే స్టేషన్లోనూ దాన్ని చూపించాలి, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.