పదహారు గళ్ళ ద్విసంకరణ వర్క్‌షీట్: చాలాకాలం వాడాక నా మాట

రాజోలు దగ్గర పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ద్విసంకరణానికి ఈ అచ్చు వర్క్‌షీట్లే వాడుతున్నాను. గళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు కాబట్టి నాకు నచ్చిన ఒక్క సంగతే చెబుతాను. పదహారు గళ్ళ కింద రెండు చిన్న పట్టీలు ఉంటాయి. ఒకదానిలో గింజ ఆకారం లెక్క, రెండోదానిలో రంగు లెక్క విడివిడిగా వేయాలి. పెద్ద నిష్పత్తి రాసేముందు పిల్లాడు తన పని తనే సరిచూసుకోవడానికి ఇంత తేలికైన ఏర్పాటు నేను ఇంకో షీట్‌లో చూడలేదు.

నా కోపం మాత్రం ఆకారానికి వాళ్ళు ఎంచుకున్న అక్షరం మీద. R, r లాంటివి పెట్టకుండా S, s పెట్టారు. కాగితం మీద ఇబ్బంది లేదు. గోదారి పొంగి లంకల్లోకి నీళ్ళొచ్చినప్పుడు అటువైపు పిల్లలు రాలేరు, షీట్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పంపాల్సిందే. అలా పంపినరోజు ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేస్టారండీ, రెండో మొక్కకి మొదటిది పెద్ద ఎస్సా, చిన్న ఎస్సా అండి? ఎంత పెద్దది చేసి చూసినా రెండూ ఒకలాగే ఉన్నాయండి" అంది. రంగుకు పెట్టిన Y, yలతో ఆ బాధ లేదు, చిన్న y తోక గీత కిందికి దిగుతుంది. S, sలకు తేడా ఎత్తులోనే, మసక ఫొటోలో పోయేది కూడా అదే.

ఆ ఒక్క అక్షరంతో జవాబు మొత్తం మారిపోతుంది. మొదటి మొక్క SsYy. రెండోది SSyy అయితే ముడతల గింజలే రావు. ssyy అయితే నాలుగు రకాలూ సమానంగా వస్తాయి. Ssyy అయితే ఇంకో లెక్క.

ఇక్కడ ఆదుకున్నది పైనున్న తెలుగు ప్రశ్న. "గుండ్రని పసుపు గింజల మొక్కను గుండ్రని ఆకుపచ్చ గింజల మొక్కతో సంకరణం చేయగా, సంతతిలో కొన్ని ముడతలు పడిన ఆకుపచ్చ గింజలు వచ్చాయి" అని ఉంది. ఫొటో ఎంత మసకైనా ఈ వాక్యం చదవొచ్చు. ముడతలు, ఆకుపచ్చ రెండూ అంతర్గత లక్షణాలు, కాబట్టి ఆ గింజ ssyy. అందులో ఒక s తల్లి నుంచి, ఒక s తండ్రి నుంచి రావాలి. జనకులు రెండూ గుండ్రనివే, అంటే రెండూ Ss. పసుపు మొక్క y కూడా ఇచ్చింది కాబట్టి Yy. ఆకుపచ్చది ఎలాగూ yy. ఇక అనుమానం లేదు: SsYy × Ssyy.

మొదటి మొక్క నుంచి SY, Sy, sY, sy సంయోగబీజాలు వస్తాయి. రెండోదాని నుంచి Sy, sy రెండే రకాలు. షీట్‌లో నాలుగు వరుసలున్నాయి కాబట్టి వాటిని రెండేసిసార్లు రాయాలి. పిల్లలు ఇక్కడే తడబడతారు. వరుసలు నింపాలనే తొందరలో Ss అనో yy అనో సంయోగబీజం రాసేస్తారు. సంయోగబీజంలో ఒక్కో లక్షణానికి ఒక్క అక్షరమే ఉండాలి.

Sy వరుసలో SSYy, SSyy, SsYy, Ssyy వస్తాయి. అన్నీ గుండ్రనివే, సగం పసుపు, సగం ఆకుపచ్చ. sy వరుసలో SsYy, Ssyy, ssYy, ssyy, అంటే నాలుగు రకాలూ ఒక్కొక్కటి. పదహారు గళ్ళకూ కలిపితే గుండ్రని పసుపు 6, గుండ్రని ఆకుపచ్చ 6, ముడతల పసుపు 2, ముడతల ఆకుపచ్చ 2. దృశ్యరూప నిష్పత్తి 3:3:1:1.

ఆ అమ్మాయి తోటివాళ్ళు కొందరు గళ్ళు పూర్తిచేయకుండానే 9:3:3:1 రాసి పంపారు. వాళ్ళను పట్టించింది ఆ రంగు పట్టీయే. Yy × yy అయినప్పుడు పసుపు, ఆకుపచ్చ 1:1 రావాలి. 9:3:3:1లో రంగు లెక్క వేస్తే 12:4, అంటే 3:1 వస్తుంది. ఆకారం పట్టీలో మాత్రం రెండు జవాబులకూ 3:1 వస్తుంది కాబట్టి అదొక్కటే చూస్తే తప్పు దొరకదు.

ఈ పట్టీలుంటే ఇంకేమీ అక్కర్లేదని ఇదివరకు చాలామందితో అన్నాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. గళ్ళలో జారిన తప్పును పట్టీలు పట్టుకుంటాయి, జనకులనే తప్పుగా చదివితే పట్టుకోలేవు. ssyy అనుకుని మొదలుపెట్టినవాడికి ఆకారం 1:1, రంగు 1:1, జవాబు 1:1:1:1, అన్నీ చక్కగా సరిపోతాయి. అతని తప్పు ప్రశ్నలోని మాటలతో పోల్చినప్పుడే బయటపడుతుంది. ఎందుకంటే రెండో మొక్క గింజలు గుండ్రనివని అక్కడ రాసి ఉంది.

నా దగ్గర పిల్లలు తక్కువ, ఎక్కువమంది అరుగు మీద ఎదురుగానే కూర్చుంటారు, అందుకే ఈ షీట్లే మళ్ళీ కొంటాను. ఫొటోల మీదే చదువు నడిపేవాళ్ళకు మాత్రం వీటిని గట్టిగా చెప్పలేను. కొన్నా, ఫొటో తీసేముందు S ఉన్నచోటల్లా పెన్నుతో R, r అని దిద్దుకోవాలి. C, W అక్షరాలు వాడిన షీట్లతోనూ ఇదే తంటా. వానాకాలం వచ్చేలోపు నేను మా షీట్లన్నీ దిద్ది పెట్టుకుంటున్నాను.