షెడ్డు కాలితే క్లెయిమ్ రిపోర్టు: స్టాకు పుస్తకం పద్ధతి, నాలుగేళ్లు వాడాక

నేను ఉండేది బెంగళూరు కేఆర్ పురంలో. మా మావయ్య పొలం, రేకుల షెడ్డు హొసకోటె అవతల ఉన్నాయి. ఆ షెడ్డు కాలినప్పుడు బీమా క్లెయిమ్‌కి మొదటి రిపోర్టు రాశాను, తర్వాత పక్క పొలాల వాళ్లకి ఇంకో రెండు. మూడింటికీ పద్ధతి ఒకటే: బూడిద చూసి అంచనా వేయకుండా, మంటకి ముందు రోజు లోపల ఎంత సరుకు ఉండాలో పుస్తకంలోంచి తీయడం. నా మటుకు ఇది బాగా పనిచేసింది, ఒక్క చోట తప్ప.

ఆ రోజు మావయ్య "వంద బస్తాల రాగులు పోయాయి అల్లుడూ, వంద రాసేయ్" అన్నారు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు. పుస్తకం తీస్తే పాత నిల్వ 40, కోతకి వచ్చినవి 90, కాటా చీటీలతో అమ్మినవి 52, ఇంటికి వాడుకున్నవి 6. అంటే ఉండాల్సింది 72. ఇంకో దారిలో కూడా సరిచూశాం. దొంతర ఉన్న చోట సిమెంటు నేల నల్లబడలేదు, ఆ గుర్తు కొలిస్తే వరుసకి 8 బస్తాలు పడతాయి, 9 వరుసలు పేర్చామని కూలీలు చెప్పారు. రెండు లెక్కలూ కలిశాయి కాబట్టి బీమా కంపెనీ సర్వేయర్ దాని మీద పెద్దగా వాదించలేదు.

బస్తాకి 50 కిలోలు, ఆ వారం మార్కెట్ యార్డు రేటు కిలో 35 రూపాయలు, మొత్తం 1,26,000. దొంతర లోపల 14 బస్తాలు పొగ పట్టి తడిసాయి కానీ కాలలేదు, దాణాకి అమ్మితే 9,000 వచ్చింది. అది మనమే తీసేసి చూపించాలి, దాచిపెడితే మిగతా అంకెల మీద కూడా అనుమానం వస్తుంది. నికర నష్టం 1,17,000.

కారణం దగ్గర నేను చాలా జాగ్రత్తపడతాను. "షార్ట్ సర్క్యూట్" అని తేల్చి రాయను. మొదట ఎవరు చూశారు, ఎన్ని గంటలకి, మంట ఏ మూల ఉంది, ఆ మూలలో ఏముంది, ఇవే రాస్తాను, మిగతాది ఫైర్ స్టేషన్ రిపోర్టుకి వదిలేస్తాను. రెండో రిపోర్టులో పచ్చి గడ్డి మోపుల వైపు నుంచి మంట లేచింది. గడ్డి తనంతట తాను వేడెక్కి అంటుకుంటే, కొన్ని ఫైర్ పాలసీల్లో ఆ గడ్డికి కవర్ ఉండదు, విడిగా తీసుకోవాలి. అయినా చూసింది చూసినట్టే రాశాం.

ఇక దెబ్బతిన్న చోటు చెప్తాను. పాలసీలో స్టాకు 1,00,000కే రాసి ఉంది, లోపల సరుకేమో 1,26,000. తక్కువకి బీమా చేస్తే నష్టాన్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు, కాబట్టి 1,17,000 కాస్తా 92,857 అయింది. రిపోర్టు ఎంత బాగా రాసినా ఆ తేడా తిరిగి రాదు, మావయ్య ముఖం చూసి చాలా బాధేసింది. అందుకే ఇప్పుడు కోత సరుకు షెడ్డులోకి చేరిన రోజే పుస్తకం మొత్తం, పాలసీ మొత్తం పక్కపక్కన పెట్టి చూస్తున్నాం, సరిపోకపోతే అప్పుడే పెంచమని అడుగుతున్నాం. పుస్తకం పేజీల ఫొటోలు నా ఫోన్‌లో ఉంటాయి, ఎందుకంటే మొదట్లో ఆ పుస్తకం కూడా షెడ్డులోనే ఉండేది, మంటకి వారం ముందే ఇంటికి తెచ్చారు.