పాత లారీకి ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీ ఒక్కటేనా: ఏది మేలు?

రెన్యూవల్ దగ్గరపడితే చాలు, ఆటోనగర్‌లో ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు. "అన్నా, బండికి ఆరేళ్లు నిండాయి, ఫైనాన్స్ కూడా తీరిపోయింది. ఇంకా ఫుల్ ఎందుకు, థర్డ్ పార్టీ కట్టేస్తే పోదా?" పోయిన నెలలో నా మూడు లారీలకీ రెన్యూవల్ చేయించాను. రెండింటికి ఫుల్ కట్టాను, ఒకదానికి థర్డ్ పార్టీతో సరిపెట్టాను. ఎందుకలా చేశానో చెబితే అడిగినవాళ్లందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టవుతుంది.

ముందు లెక్క చూద్దాం. ఆరేళ్లు దాటిన టెన్ టైర్ల లారీ, జీవీడబ్ల్యూ, అంటే లోడుతో కలిపి బరువు, 28.5 టన్నులు, ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, 10 లక్షలు అనుకోండి. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 20 నుంచి 40 టన్నుల మధ్య ఉన్న కిరాయి బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 43,950 రూపాయలు. ఇది ప్రభుత్వం ఖరారు చేసిన రేటు. ఎవరి దగ్గర కట్టినా ఇంతే, బేరం లేదు.

ఫుల్‌లో అదనంగా ఉండే సొంత డ్యామేజీ భాగానికి, అంటే ఓడీకి, 2007లోనే రేట్ల కట్టడి తీసేశారు. అయినా చాలా కంపెనీలు పాత టారిఫ్‌నే మొదలుగా పెట్టుకుని దాని మీద డిస్కౌంట్ ఇస్తాయి. చిన్న ఊళ్ల జోన్‌లో ఆ లెక్కన ఐడీవీ మీద 1.77 శాతం, అంటే 17,700. దానికి 12 టన్నులు దాటిన ప్రతి వంద కిలోలకి 27 రూపాయల చొప్పున 4,455 కలుస్తుంది. మొత్తం 22,155. కంపెనీ డిస్కౌంటూ, క్లెయిమ్ లేని ఏళ్లకి ఇచ్చే బోనస్ అయిన ఎన్‌సీబీ కలిపి 60 శాతం తగ్గిందనుకుంటే చివరికి కట్టేది 8,862, పన్ను అదనం.

అంటే థర్డ్ పార్టీకి ఎలాగూ దాదాపు 44 వేలు కట్టాక, ఇంకో తొమ్మిది వేలు మిగుల్చుకోవాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. 'ఫుల్ అంటే డబుల్' అని చాలామంది అనుకుంటారు. కార్ల సంగతేమో గానీ, మన బండ్లకి మాత్రం అది నిజం కాదు.

అయితే ఆ తొమ్మిది వేలు కట్టినా మోసపోయే దారి ఒకటుంది, నేనూ అందులో పడ్డాను. రెండేళ్ల క్రితం బియ్యం లోడుతో చెన్నై వెళ్తున్న నా బండి రాత్రిపూట టోల్‌ గేటు ముందు సడన్‌గా ఆగిన లారీని వెనక నుంచి గుద్దింది. దేవుడి దయ వల్ల మనుషులకి ఏమీ కాలేదు. ముందు భాగమంతా లోపలికి పోయింది. బిల్లు 1,08,000 అయింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. సర్వేయర్ కాగితం మీద గీత గీసి రెండు భాగాలు చేశాడు. బంపర్, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, బానెట్ పక్క భాగాలు, పెయింటింగ్ అన్నీ కలిపి 46,000 ఒక పక్క. క్యాబిన్ రేకు, రేడియేటర్, ముందు అద్దం, లేబర్ కలిపి 62,000 ఇంకో పక్క. "మొదటిది రాదండీ, మీకు ఐఎంటీ 23 లేదు" అన్నాడు.

కమర్షియల్ బండ్ల పాలసీలో ఉన్న మెలిక ఇదే. లైట్లు, టైర్లు, ట్యూబులు, మడ్‌గార్డులు, బానెట్ సైడ్ పార్టులు, బంపర్లు, పెయింట్ మామూలు ఫుల్ పాలసీలో ఉండవు. బండి పూర్తిగా పోతే తప్ప వాటికి పైసా రాదు. అవి కావాలంటే ఐఎంటీ 23 అనే ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. దానికి ఓడీ ప్రీమియం మీద 15 శాతం అదనం. పై లెక్కలో డిస్కౌంట్ పోను అది 1,329 రూపాయలు. రేటు తగ్గించి చూపించడానికి ఏజెంట్ ముందు కోసేది కూడా దీన్నే.

రెండో పక్కన ఉన్న 62,000 కూడా మొత్తం రాలేదు. అద్దానికి తరుగుదల లేదు కాబట్టి 9,000కి 9,000 ఇచ్చారు. లేబర్ 19,000 ఒప్పుకున్నారు. ఇనుప సామాను 34,000 మీద మాత్రం అయిదేళ్లు దాటిన బండి కాబట్టి 40 శాతం కోశారు, 20,400 మిగిలింది. కలిపితే 48,400, అందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్, అంటే మనం భరించాల్సిన వాటా, తీసేసి ఇచ్చారు.

ఐఎంటీ 23 ఉండి ఉంటే? ఆ 46,000లో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే కాబట్టి 50 శాతం తరుగుదల పోను 23,000 ఉంటుంది. ఈ పార్టుల మీద సర్వేయర్ మళ్లీ సగం కోత వేసే పద్ధతి కూడా ఉంది, అలా వేసినా 11,500 వచ్చేది. పోయిందేదో 1,329 దగ్గర పోయింది.

లారీకి తగిలే దెబ్బల్లో ఎక్కువ ముందు తగిలేవే. అందుకే నా దృష్టిలో ఐఎంటీ 23 లేని ఫుల్ ఇటూ కాదు అటూ కాదు. తీసుకుంటే దాంతో కలిపి 10,191 పెట్టి తీసుకోండి, లేదా థర్డ్ పార్టీ వేసుకుని మిగిలింది బ్యాంకులో వేసుకోండి.

థర్డ్ పార్టీ ఒక్కటే వేసుకోవడానికి కూడా సందర్భం ఉంది. నా మూడో బండి పద్నాలుగేళ్లది, ఐడీవీ మూడు లక్షల లోపే. పదేళ్లు దాటితే ఇనుము మీద తరుగుదల 50 శాతం, కాబట్టి లక్ష బిల్లయితే చేతికొచ్చేది సగానికి అటూఇటూ ఉంటుంది. అది ఊరి చుట్టుపక్కల ఇసుక, కంకర తోలే బండి, రాత్రి ప్రయాణాలు లేవు. పోయినా తట్టుకోగలను. కానీ ఉన్నది ఒకే ఒక్క బండి అయి, దాని మీదే ఇల్లు గడుస్తుంటే ఈ లెక్క మీకు వర్తించదు. ఫైనాన్స్ ఉంటే అసలు చర్చే లేదు, వాళ్లు ఫుల్ అడుగుతారు.

ప్రైవేట్ క్యారియర్ పాలసీ చవక కదా అని కొందరు అడుగుతారు. సొంత మిల్లు సరుకు తప్ప ఇంకేమీ మోయనివాళ్లకి అది సరే. ఒక్క ట్రిప్పు కిరాయికి వెళ్లినా వాడకం షరతు తప్పినట్టే, కాబట్టి మనకి పనికిరాదు.

ఇక డ్రైవర్ సంగతి. ఇక్కడ రెండు కవర్లని కలిపేసి గందరగోళపడతారు. పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ అని కనిపిస్తే అది డ్రైవర్‌కి అనుకుంటారు. కాదు. అది ఓనర్-డ్రైవర్‌కి, అంటే బండి ఎవరి పేరున ఉందో ఆ మనిషికి, అదీ ఆయనకి సరైన లైసెన్స్ ఉంటేనే. జీతానికి పెట్టుకున్న డ్రైవర్‌కి అందులోంచి రూపాయి రాదు. డ్రైవర్‌కీ క్లీనర్‌కీ పనికొచ్చేది లీగల్ లయబిలిటీ కవర్. మనిషికి 50 రూపాయలు, ఇద్దరికి వంద. పాలసీలో ఆ లైను ఉందో లేదో, ఇద్దరికీ లెక్క వేశారో లేదో కళ్లతో చూసుకోండి.

ఆ 50 రూపాయల వెనక ఎంత బరువుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2022లో నాకు తెలిసిన ఓనర్ దగ్గర ముప్పై ఏళ్ల డ్రైవర్ బండి బోల్తాపడి చనిపోయాడు. జీతం 18 వేలు ఇచ్చేవారు. అప్పటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం లెక్కలో జీతాన్ని 15 వేలకి మించి తీసుకునేవారు కాదు. అందులో సగం 7,500, ముప్పై ఏళ్ల వయసుకి గుణకం 207.98. గుణిస్తే 15,59,850. కవర్ ఉంది కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టింది. కానీ ఓనర్ నెలలు గడిపేయడంతో పడిన పెనాల్టీ ఆయన జేబులోంచే పోయింది. ఆలస్యానికి వడ్డీ కంపెనీ కడుతుంది గానీ పెనాల్టీ కట్టదని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది.

మీరు డ్రైవర్ మీద ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే జీతం డ్రైవర్‌కి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా ఉంది. మంచిదే, కానీ లీగల్ లయబిలిటీకి బదులుగా కాదు, దాని పైన.

పాలసీ ఏది తీసుకున్నా ఒక విషయం మారదు. పర్మిట్ సరిగా లేకపోతే రెండూ ఒకలాగే దెబ్బతింటాయి. నేషనల్ పర్మిట్ అయిదేళ్లకి ఉన్నా ఆథరైజేషన్ ఏడాదికోసారి కట్టాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. పర్మిట్ లేకుండా బండి తిప్పడం చిన్న లోపం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు కంపెనీ బాధితుడికి కట్టేసి ఆ మొత్తం మన దగ్గర వసూలు చేసుకుంటుంది. థర్డ్ పార్టీ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాడికి పదిహేను ఇరవై లక్షల నోటీసు వస్తుంది. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, కూడా అంతే, ఎనిమిదేళ్లు దాటాక ఏటా చేయించాలి. లోడు మీద కూలీలని ఎక్కించుకోవడం ఇంకా ప్రమాదం. సరుకు యజమాని లేదా ఆయన మనిషి అయితే చట్టం రక్షిస్తుంది, ఊరికే ఎక్కినవాళ్లకి సరుకు బండి పాలసీ వర్తించదని 2003 నుంచి తీర్పు ఉంది.

చివరగా ఫ్లీట్ డిస్కౌంట్. మూడు నాలుగు బండ్లుంటే అన్నీ ఒకే కంపెనీకి ఇవ్వండి, తగ్గిస్తామంటారు. ఎన్ని బండ్లుంటే ఫ్లీట్ అనేది కంపెనీని బట్టి మారుతుంది. ఏదైనా తగ్గేది ఓడీ మీదే, 43,950 మీద కాదు. ఐఎంటీ 23 కలుపుకున్న 25,478 మీద ఇంకో 5 శాతం అంటే బండికి 1,274. బాగానే ఉంది, కానీ ఆ ఒప్పందంలో ఒక బండి క్లెయిముల వల్ల వచ్చే ఏడు మూడింటి రేటూ పెరగొచ్చు. ఎన్‌సీబీ మాత్రం బండికి విడివిడిగా నడుస్తుంది. అందుకే ఎనిమిది వేల బిల్లుకి క్లెయిమ్ వేసి 50 శాతం బోనస్ పోగొట్టుకోవద్దు.

నాకు ఇచ్చిన ఫ్లీట్ కొటేషన్‌లో ప్రీమియం తక్కువే ఉంది. రెండో పేజీ తిప్పి చూస్తే ఐఎంటీ 23 లేదు. అది కలిపించాక విడిగా కట్టే రేటుకీ దానికీ తేడా ఆరు వందలు. ఫుల్ కట్టిన రెండు బండ్లకీ విడివిడిగానే కట్టాను.